తల్లి ఖాతాలో 10,900 పడ్డాయి, కూతురి 2,100 ఎక్కడ ఆగాయి?

2025 జూన్ 12న రాష్ట్ర ప్రభుత్వం తల్లికి వందనం పథకాన్ని మొదలుపెట్టినప్పుడు ఊరూరా వినిపించిన అంకె పదమూడు వేలు. బిడ్డకు పదిహేను వేలు, అందులో రెండు వేలు బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో పదమూడు వేలు. డబ్బులు పడ్డాక మాత్రం తొమ్మిది, పది తరగతులు చదివే కొందరు ఎస్సీ పిల్లల తల్లుల ఫోన్లకు 10,900 అని మెసేజ్ వచ్చింది. పక్క వీధిలో వేరే కులం పిల్లల తల్లికి పదమూడు వేలు, మన వాడలో 10,900. సచివాలయం దగ్గర అడిగితే "మిగతాది సెంట్రల్ నుంచి పడుతుందిలేమ్మా" అన్నారు. చాలామంది అక్కడితో ఊరుకున్నారు. కొందరు ఎవరో మధ్యలో తినేశారనుకున్నారు.

ఎవరూ తినలేదు. లెక్క ఇది. తొమ్మిది, పది తరగతుల ఎస్సీ పిల్లలకు కేంద్రం ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఇంటి నుంచి బడికి వెళ్లే పిల్లలకు అది ఏడాదికి 3,500 రూపాయలు. దాంట్లో కేంద్రం వాటా అరవై శాతం, రాష్ట్రం వాటా నలభై శాతం. 3,500లో అరవై శాతం అంటే 2,100. పదమూడు వేలలోంచి 2,100 తీసేస్తే 10,900. రాష్ట్రం తన పథకంలోకి కేంద్ర స్కాలర్‌షిప్‌ను కలిపేసుకుని, కేంద్రం ఇవ్వాల్సిన భాగాన్ని తన లెక్కలోంచి తగ్గించింది.

అంటే మిగతా పిల్లలకు పూర్తిగా రాష్ట్ర ఖజానా నుంచి వచ్చిన సొమ్ములో, ఎస్సీ పిల్లలకు ఒక ముక్క వేరే దారిలో రావాలి. ఎస్సీ పిల్లలకు ప్రత్యేకంగా ఉన్న స్కాలర్‌షిప్ వాళ్లకు అదనంగా దక్కలేదు. అందరికీ ఇచ్చే మొత్తాన్ని పూరించడానికే అది వాడుకయింది. దాని మీద విడిగా మాట్లాడుకోవాలి. ఇక్కడ చూడాల్సింది ఆ రెండో దారి ఎలాంటిదన్నది. మొదటి దారి తల్లి ఆధార్ మీద, తల్లి ఖాతాకు. రెండో దారి బిడ్డ ఆధార్ మీద, బిడ్డ ఖాతాకు. పదమూడు వేలు అందుకోవడానికి వేరే ఇంట్లో ఒక్క ఖాతా సరిగ్గా ఉంటే చాలు. ఎస్సీ ఇంట్లో రెండు ఖాతాలు సరిగ్గా ఉండాలి. అందులో రెండోది పద్నాలుగేళ్ల పిల్లది.

కులాన్ని బట్టి చెల్లింపును ముక్కలు చేస్తే ఏమవుతుందో ఉపాధి హామీలో ఒకసారి చూశాం. 2021లో కేంద్రం చెప్పిన ప్రకారం ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని కూలీల జాబితాను మూడుగా విడగొట్టి డబ్బులు వేశారు. ఒకే గట్టు మీద, ఒకే వారం పని చేసిన వాళ్లకు వేర్వేరు రోజుల్లో కూలి పడింది. గొడవ అయ్యాక ఆ పద్ధతి మానుకున్నారు.

ఇప్పుడు ఖాతా "సరిగ్గా ఉండడం" అంటే ఏమిటో చూద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆధార్ ద్వారా డబ్బు పంపేటప్పుడు ప్రభుత్వం ఖాతా నంబరు వాడదు. ఆధార్ నంబరు, మొత్తం, ఈ రెండే పంపుతుంది. అది జాతీయ చెల్లింపుల సంస్థ దగ్గరికి, అంటే మనవాళ్లు ఎన్‌పీసీఐ అనే చోటికి వెళుతుంది. అక్కడ మ్యాపర్ అనే పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఒక ఆధార్ నంబరుకు ఎదురుగా ఒకే ఒక్క బ్యాంకు పేరు ఉంటుంది. ఖాతా నంబరు అక్కడా ఉండదు. పట్టిక ఏ బ్యాంకు చూపిస్తే ఆ బ్యాంకుకు డబ్బు పోతుంది. ఆ బ్యాంకు తన కంప్యూటర్‌లో ఈ ఆధార్‌కు జతపడిన ఖాతా ఏదో వెతికి అందులో వేస్తుంది.

కాబట్టి ముడి రెండు చోట్ల పడాలి. బ్యాంకు పుస్తకంలో ఆధార్ మీ ఖాతాకు జతపడాలి. ఆ బ్యాంకే మీ పేరును మ్యాపర్‌లోకి ఎక్కించాలి. మొదటిది ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు పత్రంగా ఆధార్ జిరాక్సు తీసుకున్నప్పుడే జరిగిపోతుంది. రెండోది దానంతట అది జరగదు. ప్రభుత్వ డబ్బులు ఈ ఖాతాకే రావాలని ఖాతాదారు సమ్మతి పత్రం మీద సంతకం చేసి ఇవ్వాలి, బ్యాంకు దాన్ని పైకి పంపాలి. "ఆధార్ లింక్ ఉందమ్మా" అని కౌంటరులో చెప్పేది మొదటి ముడి గురించి. "ఎన్‌పీసీఐ కాలేదు" అని సచివాలయంలో చెప్పేది రెండో ముడి గురించి. ఇద్దరూ నిజమే చెబుతారు. మధ్యలో ఆ తల్లి నాలుగు రోజులు తిరుగుతుంది.

తిరుచానూరులో ఒక ఇంటిని ఊహించుకుని లెక్క వేద్దాం. తల్లి ఒక లాడ్జిలో గదులు ఊడ్చే పని చేస్తుంది. కూతురు జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది. జూన్‌లో తల్లి ఖాతాలో 10,900 పడ్డాయి. నెలలు గడిచినా 2,100 రాలేదు. సచివాలయంలో ఆమె పేరు కొట్టి చూస్తే చెల్లింపు విజయవంతం అని వస్తుంది. అది అబద్ధం కాదు, కానీ అది తల్లి చెల్లింపు. తెర మీద ఆ మాట చూసి వెనక్కి వచ్చేస్తే కథ అక్కడే ముగిసిపోతుంది. ఇక్కడ చూడాల్సింది కూతురి ఆధార్.

చూసే దారులు రెండు. ఎన్‌పీసీఐ వెబ్‌సైట్ npci.org.in లో భారత్ ఆధార్ సీడింగ్ ఎనేబ్లర్ అనే విభాగం ఉంది. ఆధార్ వెబ్‌సైట్‌లో పిల్ల పేరుతో లాగిన్ అయితే Bank Seeding Status అని కూడా కనిపిస్తుంది. ఈ రెండింటికీ ఆధార్‌కు జతపడిన ఫోన్‌కు ఓటీపీ రావాలి. చిన్నప్పుడు తీయించిన ఆధార్‌లో పిల్లలకు ఫోన్ నంబరే ఉండకపోవచ్చు, ఉన్నా అది ఎప్పుడో పోయిన సిమ్ కావచ్చు. ఇంకో దారి *99*99*1# కు ఫోన్ చేసి ఆధార్ నంబరు కొట్టడం. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, బటన్ల ఫోన్‌లోనూ వస్తుంది, అయితే అన్ని నెట్‌వర్క్‌లలో పని చెయ్యదు. ఏ దారిలో చూసినా మూడు సంగతులు రాసుకోవాలి: ఏ బ్యాంకు పేరు ఉంది, స్థితి యాక్టివా కాదా, చివరిసారి మారిన తేదీ ఏది. తేదీని ఎవరూ పట్టించుకోరు గానీ చాలాసార్లు గుట్టు విప్పేది అదే.

ఆ పిల్ల పేరు మీద ఏమీ లేదని వచ్చిందనుకుందాం. అంటే ఖాతా ఉన్నా మ్యాపర్‌లోకి ఎక్కలేదు. బడిలో స్కాలర్‌షిప్ కోసమని ఖాతా తెరిపించి, పాస్‌బుక్ జిరాక్సు తీసుకుని, ఆన్‌లైన్‌లో ఖాతా నంబరు ఎక్కించి పని అయిపోయిందనుకుంటారు. ఆ నంబరు ఎంత కచ్చితంగా ఎక్కించినా ఈ దారిలో దానికి విలువ లేదు. మందు చిన్నదే. పిల్లను తీసుకుని ఆ బ్యాంకు శాఖకు వెళ్లి ఆధార్ సీడింగ్ సమ్మతి పత్రం ఇచ్చి, దాని మీద ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి. రసీదు లేకపోతే ఆ పత్రం ఇచ్చినట్టే లెక్క కాదు. కొన్ని రోజుల తర్వాత మళ్లీ స్థితి చూడాలి. బ్యాంకులో అయిపోయిందన్న మాట కాదు, మ్యాపర్‌లో కనబడడమే రుజువు.

తల్లితో కలిపి తెరిచిన ఉమ్మడి ఖాతా అయితే ఇంకో మెలిక ఉంది. ఆ ఖాతాకు ప్రభుత్వ డబ్బుల కోసం జతపడిన ఆధార్ తల్లిదా, పిల్లదా అని విడిగా అడగాలి. పాస్‌బుక్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నంత మాత్రాన ఇద్దరి ఆధార్లూ మ్యాపర్‌లో ఉండవు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకు మళ్లీ స్పష్టంగా చెప్పింది. మైనర్‌కు ఒంటరి ఖాతా ఇవ్వం అని ఏదైనా శాఖలో అంటే ఆ ఆదేశాన్ని గుర్తు చెయ్యొచ్చు.

ఇక రెండో రకం. స్థితి యాక్టివ్ అనే ఉంది, కానీ బ్యాంకు పేరు వేరు. తిరుపతి చుట్టుపక్కల ఇది అరుదేం కాదు. జీతం కోసం కాంట్రాక్టరు ఒక బ్యాంకులో ఖాతా తెరిపిస్తాడు, పొదుపు సంఘం అప్పు ఇంకో బ్యాంకులో, పథకం కోసం పోస్టాఫీసు ఖాతా మరొకటి. మ్యాపర్‌లో చివరగా ఎవరు ఎక్కిస్తే వాళ్ల పేరే నిలుస్తుంది, ముందున్నది చెరిగిపోతుంది. "ఎన్‌పీసీఐ కాలేదా, పోస్టాఫీసులో కొత్త ఖాతా తెరవండి, అదే అయిపోతుంది" అనే సలహా అందరం ఇస్తున్నాం. అది తరచూ పని చేస్తుంది కూడా. కానీ ఆ ఒక్క పనితో ఆ ఆధార్ మీద వచ్చే ప్రతి పైసా, ఉపాధి కూలితో సహా, పోస్టాఫీసు ఖాతాకు మళ్లుతుంది. తల్లికి కొత్త ఖాతా తెరిపించిన కార్యకర్త ఈ మాట ఆమెకు చెప్పకపోతే, వచ్చే నెల ఆమె పాత బ్యాంకులో కూలి డబ్బు కోసం వెతుక్కుంటుంది. డబ్బు ఎక్కడికీ పోదు, ఆమె చూడని పాస్‌బుక్‌లో ఉంటుంది.

పేదలకు తెలియకుండానే ఈ మళ్లింపు ఎంత పెద్ద ఎత్తున జరగగలదో 2017లో దేశమంతా చూసింది. సిమ్‌కు ఆధార్ ధ్రువీకరణ కోసం వేలిముద్ర పెట్టిన ఖాతాదార్లకు ఎయిర్‌టెల్ తన పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచింది. మ్యాపర్‌లో ఆ బ్యాంకు పేరు చేరింది. 31 లక్షల మందికి పైగా గ్యాస్ సబ్సిడీ, దాదాపు 190 కోట్లు, వాళ్లు అడగని ఖాతాల్లోకి వెళ్లింది. ఆ ఏడాది డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ కంపెనీ ధ్రువీకరణ అధికారాన్ని నిలిపేసింది, డబ్బు వెనక్కి ఇప్పించారు. కడుపు నిండిన వాళ్ల సబ్సిడీ కూడా అందులో ఉండబట్టి అది వార్త అయింది. ఒక వాడలో పది మంది పిల్లల 2,100 దారి తప్పితే వార్త కాదు.

బ్యాంకుల విలీనాలు కూడా ఇక్కడే లెక్కలోకి వస్తాయి. మన జిల్లాల్లో ఎంతోమంది పల్లె జనానికి మొదటి పాస్‌బుక్ ఇచ్చింది చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు. 2025 మే 1న అది మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అంతకుముందు 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. బ్యాంకు మారినప్పుడు మ్యాపర్‌లోనూ పాత బ్యాంకు గుర్తింపు సంఖ్య పోయి కొత్తది రావాలి. పాత పాస్‌బుక్‌తో నడుపుకుంటున్నవాళ్లు స్థితి ఒకసారి చూసుకోవాలి. మళ్లీ మళ్లీ డబ్బు వెయ్యని, తియ్యని ఖాతా కొంత కాలానికి నిద్రపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. మ్యాపర్ సరిగ్గా ఉన్నా ఖాతా నిద్రలో ఉంటే బ్యాంకు డబ్బును తిప్పి పంపొచ్చు. ఏడాదికి ఒక్కసారి స్కాలర్‌షిప్ కోసమే తెరిచిన పిల్లల ఖాతాలకు ఈ ప్రమాదం ఎక్కువ.

మూడోది పిల్లల వయసుతో వచ్చేది. ఐదేళ్లకు ఒకసారి, పదిహేనేళ్లకు ఒకసారి వేలిముద్రలు, కంటిపాప మళ్లీ ఇచ్చి ఆధార్ నవీకరించుకోవాలి. చెయ్యకుండా వదిలేస్తే ఆధార్ పని చెయ్యకుండా పోయే అవకాశం ఉంది. పదో తరగతి పిల్లల వయసు సరిగ్గా అదే. ఆధారే చచ్చుబడితే బ్యాంకులో ఎన్ని పత్రాలు ఇచ్చినా లాభం లేదు, ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. స్థితి చూసినప్పుడు తప్పు బ్యాంకుదా, ఆధార్‌దా అన్నది తేల్చుకోకుండా తల్లిని బ్యాంకుకు పంపడం అంటే ఆమె ఒక రోజు కూలి పోగొట్టడమే.

ఆ కూలి లెక్క కూడా వేద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. 2,100 అంటే ఏడు రోజుల కూలికి కొంచెం తక్కువ. బ్యాంకుకు ఒక రోజు, ఆధార్ కేంద్రానికి ఒక రోజు, రసీదు కోసం మళ్లీ ఒక రోజు, పిల్లకు బడి మానిపించి తీసుకెళ్లిన రోజు వేరే. మూడు తిరుగుళ్లకే దాదాపు సగం సొమ్ము ఖర్చయిపోయినట్టు. నాలుగోసారి వెళ్లకుండా మానుకునే తల్లిది అజ్ఞానం కాదు, ఆమె లెక్క మనకన్నా బాగా వేసింది. పథకం రాసినవాళ్ల పట్టికలో మాత్రం ఆమె "స్పందించని లబ్ధిదారు".

అందుకే ఈ ఆగిన సొమ్ముకు పేరు పెట్టే పద్ధతి మీద నాకు అభ్యంతరం. చట్టంలో ఆధార్ గురించి మాట్లాడిన చోటల్లా ప్రశ్న ఒకటే: ఆధార్ లేనివాడికి ఏం చెయ్యాలి? ఆధార్ నంబరు కేటాయించేదాకా వేరే గుర్తింపుతో ప్రయోజనం ఇవ్వాలని ఆధార్ చట్టం ఏడో సెక్షనే చెబుతుంది. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీం కోర్టు పిల్లల విషయంలో ఇంకా గట్టిగా చెప్పింది. ఆధార్ చూపలేకపోయారని ఏ బిడ్డకూ పథకం నిరాకరించకూడదు, వేరే పత్రాలతో గుర్తించి ఇవ్వాలంది. కానీ మన తొమ్మిదో తరగతి పిల్లకు ఆధార్ ఉంది. ఖాతా ఉంది. పేరు జాబితాలో ఉంది. ఆమెకు ఎవరూ ఏమీ నిరాకరించలేదు. చెల్లింపు "పెండింగ్"లో ఉంది, అంతే. నిరాకరణ అయితే ఉత్తర్వు ఉంటుంది, అప్పీలు ఉంటుంది. పెండింగ్‌కు అవి ఉండవు. పది పాసై కాలేజీకి వెళ్లేసరికి బడి బాధ్యత అయిపోతుంది, పాత ఏడాది జాబితాను మళ్లీ తెరిచేవాళ్లు ఉండరు.

ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే ఎస్సీ విద్యార్థులకు ఇదే కథ పెద్ద అంకెలతో నడుస్తుంది. 2021 మార్చిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లోనూ కేంద్రం అరవై శాతం, రాష్ట్రం నలభై. రాష్ట్రం తన నలభై విడుదల చేశాకే కేంద్రం తన అరవైని నేరుగా విద్యార్థి ఆధార్ ఖాతాకు పంపుతుంది. కాలేజీ ఫీజు కూడా అందులోనే ఉంటుంది. మ్యాపర్‌లో పేరు లేకపోతే అరవై శాతం ఆగుతుంది, కాలేజీ మాత్రం ఆగదు. హాల్ టికెట్, సర్టిఫికెట్ల దగ్గర ఫీజు అడుగుతుంది. బడిలో 2,100 దగ్గరే ఈ ముడి సరిచేసుకున్న పిల్లకు మూడేళ్ల తర్వాత ఆ గండం ఉండదు.

ఖాతా నంబరుకే నేరుగా పంపితే ఏం పోతుంది అని అడిగేవాళ్లకు, ఆధార్ దారిలో డబ్బు తొందరగా, తప్పుల్లేకుండా చేరుతుందని జవాబు వస్తుంది. ఉపాధి హామీలో రెండు దారులూ పక్కపక్కన నడిచిన కాలంలో, 2021-22 నాటి పది రాష్ట్రాల మూడు కోట్లకు పైగా చెల్లింపులను పరిశోధకులు పరిశీలించారు. వేగంలో గానీ, తిరస్కరణల్లో గానీ రెండు దారుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయినా 2024 జనవరి 1 నుంచి ఆ పథకంలో ఆధార్ దారినే తప్పనిసరి చేశారు. ఖాతా నంబరు తప్పు పడితే ఆ తప్పు పాస్‌బుక్ పక్కన పెట్టుకుని తల్లి కూడా పట్టుకోగలదు. మ్యాపర్‌లో తప్పు ఆమె పాస్‌బుక్‌లో ఎక్కడా కనబడదు. తేడా ఉన్నది అక్కడ.

ఈ లోపల చెయ్యగలిగిన పనులు ఉన్నాయి. సమ్మతి పత్రం తీసుకుని కూడా మ్యాపర్‌లోకి ఎక్కించకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో గానీ, 14448 నంబరులో కనుక్కుని గానీ వెళ్లొచ్చు, దానికి రుసుము లేదు. ఒక్కొక్కరుగా కాకుండా పది మంది పిల్లల రసీదులు కలిపి వెళితే శాఖలో వినే తీరు మారుతుంది.

రెండోది బడి స్థాయిలో. తిరుచానూరు లాంటి ఊళ్లో హైస్కూలు ఒకటి, చుట్టూ ఉన్న వాడలు కొన్ని. పాత రికార్డుల్లో ఏఏడబ్ల్యూ అని రాసే ఆది ఆంధ్ర వాడల పిల్లలంతా ఆ ఒకటి రెండు బళ్లలోనే ఉంటారు. తొమ్మిది, పది తరగతుల ఎస్సీ పిల్లల జాబితా చేతపట్టుకుని, తల్లిదండ్రుల అనుమతితో ఒక మధ్యాహ్నం కూర్చుంటే ప్రతి పిల్ల పేరు ఎదురుగా బ్యాంకు, స్థితి, తేదీ రాయొచ్చు. ఆధార్ నంబర్లు రాసుకోవద్దు, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. ఆ మూడు సంగతులు చాలు.

ఆ జాబితా ఉంటే జిల్లా సాంఘిక సంక్షేమ శాఖను సమాచార హక్కు కింద అడగాల్సిన ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ఈ బడిలో ఈ ఏడాది ఎంతమంది ఎస్సీ పిల్లల పేర్లు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు పంపారు? ఎంతమందికి కేంద్ర వాటా జమయింది, ఏ తేదీన? జమ కానివాళ్లలో ఒక్కొక్కరికీ చెల్లింపు వ్యవస్థ నుంచి తిరిగి వచ్చిన కారణం ఏమిటి? ఆ కారణాన్ని ఆ పిల్ల తల్లికి ఎవరు, ఎప్పుడు, ఏ రూపంలో తెలియజేశారు? తిరిగి వచ్చిన సొమ్మును మళ్లీ పంపడానికి గడువు ఎప్పటిదాకా ఉంది? చెల్లింపు తిరిగి వచ్చిన ప్రతిసారీ కారణం పైనుంచి కోడ్ రూపంలో వస్తుంది కాబట్టి, మూడో ప్రశ్నకు "సమాచారం లేదు" అని జవాబు వస్తే అప్పీలుకు వెళ్లాలి.